4 ఏళ్ళ బాబు కక్కకి వెళ్ళాలంటే భయపడుతున్నాడు, వారం రోజుల ప్లాన్ ఎవరైనా చెప్తారా

చిన్నూఅమ్మ_కాకినాడ
మా బాబుకి 4 ఏళ్ళు నిండాయి, 15 కేజీలు ఉంటాడు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిండివంటలు తిని నీళ్ళు సరిగ్గా తాగక ఒకసారి మోషన్ చాలా గట్టిగా వచ్చింది, చివర్లో రక్తం చార కూడా కనిపించింది, వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అప్పట్నుంచి బాత్రూం పేరెత్తితే చాలు వద్దు వద్దు అని పరిగెడతాడు. వస్తున్నట్టు అనిపించగానే కర్టెన్ వెనక్కి వెళ్ళి మునివేళ్ళ మీద నిలబడి కాళ్ళు మెలేసుకుని ముఖం ఎర్రగా చేసుకుంటాడు, మేము ముక్కుతున్నాడనుకుని ఇంకొంచెం ముక్కు నాన్నా అంటాం, ఏమీ రాదు, కాసేపటికి మళ్ళీ ఆడుకుంటాడు. ఇలా 4, 5 రోజులు గడిచాక ఏడుపులతో ఒకసారి అవుతుంది. పిల్లల డాక్టర్ గారు పొట్ట నొక్కి చూసి మోషన్ మెత్తబడటానికి పెగ్ అనే పొడి రాశారు, రోజూ టైముకి కూర్చోబెట్టండి, చిన్న చిన్న బహుమతులు ఇవ్వండి అన్నారు. ఎలా ఇవ్వాలి ఏం ఇవ్వాలి అని అడిగేలోపే తర్వాతి టోకెన్ పిలిచేశారు. ఎవరైనా చేసినవాళ్ళు రోజువారీగా చెప్తే బాగుంటుంది.

రాగిజావ_రాణి
ఫైబర్ తక్కువైతే ఇలాగే అవుతుంది. తోటకూర, జామకాయ, బొప్పాయి పెట్టండి, రాత్రి ఎండుద్రాక్ష నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్ళతో సహా తాగించండి, ఇసబ్‌గోల్ ఒక స్పూన్ కలపండి. పొడులు అలవాటు చేస్తే ఇంక జీవితాంతం అవి లేకపోతే రాదు. బిస్కెట్లు, మైదా ఆపేయండి చాలు.

మావయ్య_తణుకు
మా రోజుల్లో తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టేవాళ్ళు, రెండు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు దీనికి కూడా ప్లాన్లు, బహుమతులు.

పిల్లలవార్డు_సిస్టర్
మావయ్య గారూ, కాడ పెడితే ఆ పూటకి వస్తుంది, కాదనను. కానీ ఈ బాబు భయం అంతా అక్కడే ఉంది కదా. నొప్పి పుట్టిన చోటే నలుగురు పట్టుకుని ఏదో పెడితే రేపట్నుంచి ఇంకా గట్టిగా బిగబడతాడు. సబ్బుముక్క కూడా అంతే, లోపలి పొర మంట పుడుతుంది. డాక్టర్ చెప్తే తప్ప కింద నుంచి ఏదీ పెట్టొద్దు.

చిన్నూ అమ్మగారూ, ముందు ఒక్క మాట. కర్టెన్ వెనక వాడు ముక్కడం లేదు, ఆపుకుంటున్నాడు. మునివేళ్ళ మీద లేవడం, కాళ్ళు మెలేసుకోవడం, పిరుదులు బిగించడం ఇవన్నీ లోపల్నుంచి వస్తున్నదాన్ని వెనక్కి పంపడానికి చేసే పనులు. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు దాంట్లో నీళ్ళు పీల్చేస్తుంది, అది ఇంకా గట్టిగా, ఇంకా లావుగా తయారవుతుంది, వచ్చినప్పుడు ఇంకా నొప్పి, దాంతో ఇంకా భయం. ముక్కు ముక్కు అన్న మాట మానేయండి ఇంట్లో అందరూ. డ్యూటీ అయ్యాక ప్లాన్ రాస్తాను. ఈలోపు చెప్పండి, డాక్టర్ గారు మొదట కొన్ని రోజులు ఎక్కువ డోసు, తర్వాత తక్కువ డోసు అన్నారా లేక ఒకటే డోసా?

చిన్నూఅమ్మ_కాకినాడ
మొదటి 4 రోజులు ఎక్కువ, తర్వాత రోజుకి 6 గ్రాములు అన్నారు. ఎక్కువ డోసు నిన్నటితో అయింది, నిన్నా మొన్నా చాలా పోయింది, చివరికి మెత్తగానే వచ్చింది కానీ అంతా డైపర్‌లోనే. రాత్రి పడుకునేటప్పుడు డైపర్ వేస్తాం, అందులోనే వెళ్తాడు. అది కూడా మాన్పించేయాలా?

నిద్రలేని_తల్లి
మా పాపకి 5 ఏళ్ళు, ఇంకా రాత్రి పక్క తడుపుతుంది అండి, మీరు చెప్పిన బహుమతులు దానికి పనిచేస్తాయా? రాత్రి నిద్రలేపి తీసుకెళ్ళాలా?

కరీంనగర్_నాన్న
అక్కా మీది వేరే ముచ్చట, వాడు పక్క తడపట్లే, రెండోదానికి పోతలేడు. వేరే పోస్ట్ పెట్టుండ్రి, మస్తు మంది చెప్తరు.

మా పోరనికి కూడా గిట్లనే అయింది పోయిన ఏడు. ఫైబర్ మాట చెప్పిన రాణి గారికి ఒకటి చెప్తా, మేము గూడ లోపల ముద్ద గట్టిగా ఉండంగనే ఇసబ్‌గోల్ పోసినం, కడుపు ఉబ్బింది, ఏడ్సిండు, అన్నం ముట్టలే. డాక్టర్ సార్ చెప్పిండు, ముందు దారి క్లియర్ కావాలె, గప్పుడు పండ్లు కూరగాయలు పనిచేస్తయ్ అని.

పిల్లలవార్డు_సిస్టర్
కరీంనగర్ తమ్ముడు చెప్పింది కరెక్ట్. రాణి గారు చెప్పిన పళ్ళు, కూరలు మంచివే, రోజూ పెట్టండి, కానీ ఆపుకునే పిల్లాడికి అవి ఒక్కటే సరిపోవు. ఇసబ్‌గోల్ అయితే నీళ్ళు సరిగ్గా తాగని పిల్లలకి నేను చెప్పను. పెగ్ పొడి పేగుని తోసేది కాదు, నీళ్ళని పట్టుకుని ఉంచి మెత్తగా చేస్తుంది అంతే, అందుకే అలవాటు పడే భయం అక్కర్లేదు. చెప్పినన్ని నీళ్ళలో పూర్తిగా కరిగించి ఇవ్వండి.

ఇప్పుడు ప్లాన్. మొత్తం దీని మీదే నిలబడి ఉంటుంది: బహుమతి కూర్చున్నందుకు, మోషన్ వచ్చినందుకు కాదు. కూర్చోవడం వాడి చేతిలో ఉంది, రావడం పూర్తిగా వాడి చేతిలో లేదు. రాలేదని బహుమతి పోతే వాడు ఓడిపోయినట్టే కదా, రేపు కమోడ్ దగ్గరికే రాడు.

సామాన్లు ముందు సిద్ధం చేసుకోండి. కమోడ్ మీద పెట్టే పిల్లల సీటు, దాంతో లోపల పడిపోతానన్న భయం పోతుంది. కాళ్ళ కింద పెట్టడానికి గట్టి పీట, ఇది చాలామంది వదిలేస్తారు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే కింద కండరాలు వదులవ్వవు. పాదాలు పూర్తిగా పీటకి ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే కొంచెం పైకి ఉండాలి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టి ముందుకి వంగాలి. పీట జారకుండా కింద పాత రబ్బరు మ్యాట్ ముక్క వేయండి.

చిన్న స్టీలు డబ్బాలో చిట్టీలు వేయండి. చదవడం రాదు కాబట్టి బొమ్మలు గీయండి: బుడగలు, నాన్నతో మేడ మీద ఆట, ఇంకో కథ, వాడు చెప్పిన ఆకారంలో దోశ. చాక్లెట్లు, కొనే బొమ్మలు వద్దు, రెండో రోజుకే రేటు పెరుగుతుంది. కూర్చుని లేవగానే, బాత్రూం గుమ్మం దగ్గరే స్టిక్కర్ చేతికివ్వండి. సాయంత్రం ఇస్తాను అంటే ఈ వయసు వాళ్ళకి దేనికిచ్చారో గుర్తుండదు. రాత్రి ఒక చిట్టీ తీయించండి.

1వ రోజు మోషన్ ఊసే వద్దు. పీటకి వాడి చేత స్టిక్కర్లు అంటించండి, బట్టలతోనే కూర్చుంటానంటే సరే అనండి, రెండు నిమిషాలు చాలు. 2వ రోజు నుంచి టిఫిన్ తర్వాత ఒకసారి, రాత్రి అన్నం తర్వాత ఒకసారి, తిన్న 20 నిమిషాలకి. పొట్టలో అన్నం పడగానే పేగు తనంతట తాను కదులుతుంది, ఆ అల మీద కూర్చోబెడితే మనం ముక్కించక్కర్లేదు. చెడ్డీ తీసి మూడు నిమిషాలు.

3, 4 రోజులు ఐదు నిమిషాలు చేయండి, అంతకు మించి వద్దు, ఫోన్లో గంట పెట్టండి. గంట మోగగానే వచ్చినా రాకపోయినా లేపేయండి, ఇంకొక్క నిమిషం ఉండు అనకండి, మాట తప్పితే రేపు కూర్చోడు. ఆ ఐదు నిమిషాలూ బుడగలు ఊదించండి లేదా ఊదితే తిరిగే కాగితం ఫ్యాను ఇవ్వండి. పొడుగ్గా ఊదుతుంటే పొట్ట ముందుకొస్తుంది, కింద బిగించి ఉంచడం కష్టం.

5వ రోజు నుంచి కర్టెన్ మీద కన్నేయండి. వాడు అటు వెళ్ళగానే అరవకుండా, పొట్ట పిలుస్తోంది పద పీట దగ్గరికి అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. పీట దాకా నడిచి వచ్చినందుకే స్టిక్కర్. వద్దంటే లాక్కెళ్ళకండి, తర్వాత అన్నం టైముకి చూద్దాం. 6, 7 రోజుల్లో కొత్తది ఏదీ వద్దు, అదే నడవనివ్వండి.

ఇచ్చిన స్టిక్కర్ ఎప్పుడూ వెనక్కి తీసుకోవద్దు. చెడ్డీలో అయితే తిట్టకండి, చీ అని ముఖం పెట్టకండి, మామూలుగా కడిగి మార్చండి. రోజూ నోట్‌బుక్‌లో రాసుకోండి, మోషన్ అయిందా, గట్టిగా గోళీల్లా ఉందా, పండిన అరటిపండంత మెత్తగా ఉందా అని. మనకి ఆ రెండోది కావాలి.

సూటిగా_చెప్తా
కూర్చున్నందుకు కూడా బహుమతి అంటే లంచమే కదా. అన్నం తిన్నందుకు ఒకటి, స్కూలుకి వెళ్ళినందుకు ఒకటి, ఎక్కడ ఆగుతుంది? మా ఇంట్లో పిల్లలకి ఇలాంటివేవీ చేయలేదు, అందరూ వెళ్ళారు.

బెంగుళూరు_భార్గవి
భయం లేని పిల్లలకి అక్కర్లేదు లెండి. కానీ ఒకసారి చీలిక వచ్చి రక్తం చూసిన పిల్లాడిని అక్కడ కూర్చోమనడం అంటే మనల్ని కాలిన పెనం మీద మళ్ళీ చెయ్యి పెట్టమన్నట్టే. ఆ ధైర్యానికి ఒక స్టిక్కర్ ఇస్తే తప్పేముంది.

అమ్మగారూ, డైపర్ సంగతి అడిగారు కదా, మా పాపకి అదే. అందరూ ఒక్కసారే మాన్పించేయమన్నారు, మా డాక్టర్ మాత్రం వద్దన్నారు, డైపర్ లాగేస్తే అసలు వెళ్ళడం మానేస్తుంది, ముద్ద మళ్ళీ కడుతుంది అని. మేము స్థలం మార్చాం. ముందు డైపర్ వేసుకో కానీ బాత్రూంలో నిలబడి వెళ్ళు. తర్వాత డైపర్‌తోనే సీటు మీద కూర్చో. అది అలవాటయ్యాక డైపర్ కింద కత్తెరతో కన్నం చేశాం, కమోడ్‌లో పడింది. రోజురోజుకీ కన్నం పెద్దది చేస్తూ పోయాం, చివరికి నడుముకి పట్టీ మాత్రమే మిగిలింది. వారంలో అయ్యే పని కాదు ఇది, నెలన్నర పట్టింది.

కరీంనగర్_నాన్న
కన్నం ఐడియా మస్తుంది. కానీ మా డాక్టర్ సార్ డైపర్ వద్దే వద్దన్నడు. ఎవరిది కరెక్టో.

పిల్లలవార్డు_సిస్టర్
ఇందులో డాక్టర్లు కూడా రెండు రకాలుగా చెప్తారు. డైపర్‌లో మెత్తగా, రోజూ వెళ్తుంటే నేనైతే తీయను, భార్గవి గారి దారే. డైపర్ వేసినా ఆపుకుంటుంటే దానివల్ల లాభం లేదు కాబట్టి అప్పుడు వేరే మాట.

చిన్నూఅమ్మ_కాకినాడ
మొదలుపెట్టాం. 1వ రోజు పీటకి స్టిక్కర్లు అంటించడం బాగా నచ్చింది, బట్టలతో కూర్చుని వాడే లెక్కపెట్టాడు. 2వ రోజు పొద్దున కూర్చున్నాడు, రాత్రి ఫ్లష్ శబ్దానికి ఏడ్చాడు, మా ఆయన తెలీక పక్కనే నొక్కేశారు. చిట్టీలో దోశ బొమ్మ వచ్చింది, ఏనుగు ఆకారం కావాలన్నాడు, తొండం విరిగింది కానీ తిన్నాడు.

పిల్లలవార్డు_సిస్టర్
ఫ్లష్ వాడు బయటికొచ్చి తలుపు వేశాక నొక్కండి. కావాలంటే వాడే నొక్కుతాడు, చెయ్యి వాడిదైతే భయం తగ్గుతుంది. లోపల పడింది నీళ్ళతో పోతుంటే కొంతమంది పిల్లలు తమ ఒంట్లోది ఏదో పోతోందని బెంగపడతారు, అడిగి చూడండి.

చిన్నూఅమ్మ_కాకినాడ
4వ రోజు సమస్య వచ్చింది. పొద్దున్నుంచి మూడుసార్లు చెడ్డీకి పల్చగా అంటింది, వాసన బాగా వస్తోంది, వాడికి తెలియడం లేదంటున్నాడు. లూజ్ మోషన్స్ అని అత్తయ్య పొడి ఆపేయమంటున్నారు. ఈ పూట ఇవ్వలేదు. ఏం చేయాలి?

రాగిజావ_రాణి
అదే నేను చెప్పింది, పొడి ఎక్కువైంది. ఆపేసి సగ్గుబియ్యం జావ ఇవ్వండి.

పిల్లలవార్డు_సిస్టర్
తొందరపడి ఆపకండి, ముందు ఏది జరుగుతోందో చూడాలి. రెండు రకాలుగా ఉండొచ్చు. పొడి నిజంగా ఎక్కువైతే ఒక్కోసారి బాగా ఎక్కువగా నీళ్ళలా వస్తుంది, పొట్ట మెత్తగా ఉంటుంది, వాడికి తెలుస్తుంది కూడా. అలా అయితే డాక్టర్‌ని అడిగి డోసు తగ్గించుకోవడమే. కానీ కొంచెం కొంచెంగా చెడ్డీకి పూసినట్టు, రోజుకి చాలాసార్లు, వాడికి తెలియకుండా అంటుతుంటే లోపల ఇంకా గట్టి ముద్ద ఉండి, దాని పక్కల నుంచి పల్చటిది కారుతోందేమో అని అనుమానించాలి. దాన్ని లూజ్ మోషన్ అనుకుని పొడి ఆపితే ముద్ద ఇంకా గట్టిపడుతుంది. నోట్‌బుక్ చూడండి, ఎక్కువ డోసు అయిపోయాక పెద్ద మోషన్ ఎప్పుడైంది? బొడ్డుకి కింద ఎడమవైపు మెల్లగా తడిమితే గట్టిగా తగులుతోందా? ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, లూజ్ మోషన్స్ అని కాదు, చెడ్డీకి ఎలా అంటుతోందో అదే చెప్పండి.

చిన్నూఅమ్మ_కాకినాడ
నోట్‌బుక్‌లో రెండు రోజులుగా పెద్ద మోషన్ లేదు. ఎడమవైపు ఏదో ఉన్నట్టే ఉంది కానీ నాకు సరిగ్గా తెలియలేదు. డాక్టర్ గారు తీసుకురమ్మని చూశారు, ఇంకా కొంచెం మిగిలింది అన్నారు, ఎక్కువ డోసు ఇంకో 2 రోజులు ఇచ్చి తర్వాత తగ్గించమన్నారు. కూర్చోబెట్టడం మాత్రం ఆపొద్దన్నారు. వాడు పుట్టినప్పుడు మొదటి మోషన్ ఎప్పుడయిందో కూడా అడిగారు, అదెందుకో.

పిల్లలవార్డు_సిస్టర్
మంచి డాక్టర్. పుట్టిన 48 గంటలు దాటినా మొదటి నల్లటి మోషన్ అవ్వకపోతే పేగులో నరాల లోపం ఉందేమో చూడాలి, అందుకు అడిగారు. అలాగే పొట్ట బాగా ఉబ్బి వాంతులు, ఆకుపచ్చ రంగు వాంతి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో బలం లేకపోవడం, మోషన్‌లో ఎక్కువ రక్తం ఇవేవైనా ఉంటే ప్లాన్లు పక్కనపెట్టి ఆసుపత్రికే. మీ బాబుకి ఇవేవీ లేనట్టున్నాయి.

సూటిగా_చెప్తా
ఎన్ని పాలు తాగుతాడు? మా అక్క కొడుకు సీసాల కొద్దీ పాలు తాగి అన్నం తినేవాడు కాదు, అందుకే గట్టిగా వచ్చేది.

చిన్నూఅమ్మ_కాకినాడ
పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒకటి, రాత్రి పడుకునేముందు పెద్ద గ్లాసు. లెక్కేస్తే 700 మి.లీ. దాకా వస్తుందేమో.

పిల్లలవార్డు_సిస్టర్
ఇది మంచి ప్రశ్న అడిగారు. 500 మి.లీ. లోపుకి తగ్గించండి, రాత్రి గ్లాసు తీసేస్తే అన్నం ఆకలి కూడా పెరుగుతుంది.

చిన్నూఅమ్మ_కాకినాడ
6వ రోజు రాత్రి అన్నం అయ్యాక కర్టెన్ వైపు వెళ్తుంటే పొట్ట పిలుస్తోంది అన్నాను. కాసేపు నిలబడ్డాడు, తర్వాత నా వేలు పట్టుకుని వచ్చాడు. డైపర్ కావాలన్నాడు, వేసి సీటు మీద కూర్చోబెట్టాను, కాగితం ఫ్యాను ఊదుతూ ఊదుతూ ఉండగా అయిపోయింది. నొప్పి లేదు అమ్మా అన్నాడు. స్టిక్కర్ రెండు ఇవ్వనా అని మా ఆయన అడుగుతున్నారు.

కరీంనగర్_నాన్న
ఇయ్యుండ్రి అన్నా! మేమైతే అయినరోజు డబుల్ ఇచ్చినం, కూసున్నరోజు ఒకటి. మావోనికి అది మంచిగనే పనిచేసింది.

పిల్లలవార్డు_సిస్టర్
నేనైతే ఒకటే ఇస్తాను, సంతోషం మాటల్లో చూపిస్తాను, పొట్ట హాయిగా ఉందా అని. డబుల్ ఇస్తే రాని రోజు సగమే దొరికింది అని లెక్కేసుకునే పిల్లలు ఉంటారు. కానీ తమ్ముడి కొడుక్కి పనిచేసింది అంటే నేను కాదనను, మీ బాబు ఎలాంటివాడో మీకే తెలుసు.

బెంగుళూరు_భార్గవి
సీటు మీదే అయిందంటే మీరు నా రెండో మెట్టు మీద ఉన్నారు. కొన్ని రోజులు ఇక్కడే ఉంచండి, కత్తెర అప్పుడే తీయకండి.

చిన్నూఅమ్మ_కాకినాడ
7వ రోజు పొద్దున రాలేదు, రాత్రి మళ్ళీ డైపర్‌తో సీటు మీదే అయింది, మెత్తగా. వారంలో 14 సార్లకి 11 సార్లు కూర్చున్నాడు. ఒకసారి పెళ్ళికి వెళ్ళాం, రెండుసార్లు వద్దన్నాడు, వదిలేశాం. ఇప్పుడు రెండు సందేహాలు. పొడి ఎప్పుడు ఆపాలి? జూన్‌లో స్కూలు మొదలైతే అక్కడ ఇండియన్ టాయిలెట్, వాడు ఆపుకుంటే ఏం చేయాలి?

పిల్లలవార్డు_సిస్టర్
పొడి కనీసం 2 నెలలు, అది కూడా ఆపేముందు నెల రోజులు ఇబ్బంది లేకుండా సాగి ఉండాలి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించడమే. మెత్తగా వస్తోంది కదా అని రెండో వారం ఆపేసిన వాళ్ళే మళ్ళీ వార్డుకి వస్తారు. చిట్టీలు మాత్రం నెమ్మదిగా రెండు రోజులకొకటి, మూడు రోజులకొకటి చేసుకోవచ్చు.

స్కూలు మొదలయ్యేలోపు టిఫిన్ టైము అరగంట ముందుకి జరపండి, ఇంట్లోనే కూర్చుని వెళ్ళేలా. టీచర్‌కి ముందే చెప్పండి, అడిగితే వెంటనే పంపమని. ఇండియన్ టాయిలెట్ గురించి నాకు అంత అనుభవం లేదు, గొంతుకు కూర్చుంటే భంగిమ మంచిదే కానీ చిన్నపిల్లలకి ఆ రంధ్రం చూస్తే భయం.

మావయ్య_తణుకు
అమ్మాయ్, మా మనవడికి ఊళ్ళో ఇండియన్ దాంట్లో భయం వేస్తే గోడకి ఒక గట్టి హ్యాండిల్ బిగించాం, పట్టుకుని కూర్చునేవాడు. స్కూలు వాళ్ళని అడిగి చూడు, ఖర్చు పెద్దగా అవ్వదు.

చిన్నూఅమ్మ_కాకినాడ
అడుగుతాను మావయ్య గారూ. రెండో వారం ఎలా జరిగిందో ఇక్కడే పెడతాను.